‘సార్, ఫైవ్ స్టార్ కొట్టండి!’

పని నచ్చినవాళ్ళ చేత గూగుల్‌లో నాలుగు మంచి మాటలు రాయించుకోవాలని ఏ వ్యాపారికైనా ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. ఎవరిని అడుగుతున్నాం, ఎప్పుడు అడుగుతున్నాం, ఏమని అడుగుతున్నాం అన్న దగ్గరే వస్తుంది చిక్కంతా.

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ఏసీ బాగుచేసిన కుర్రాడు టూల్ బ్యాగు సర్దుకున్నాడు. బిల్లు డబ్బులు ఫోన్‌పేలో పడ్డాయని కూడా చూసుకున్నాడు. అయినా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. “సార్, ఒక్క రివ్యూ. ఫైవ్ స్టార్ కొట్టండి సార్. ఫోర్ ఇస్తే మా ఓనరు ఊరుకోడు” అంటాడు. ఇంటాయన కళ్ళజోడు వెతుక్కునేలోగా “ఇటివ్వండి సార్, నేను నొక్కుతాను” అని ఫోను అందుకుంటాడు. ఐదు స్టార్లు పడతాయి. కింద ‘గుడ్ సర్వీస్’ అన్న రెండు ముక్కలు కూడా అతనే రాసేస్తాడు. విజయవాడైనా, వరంగల్ అయినా, విశాఖపట్నమైనా ఎండాకాలంలో మనకి బాగా తెలిసిన తంతే ఇది.

ఆ ఐదు స్టార్లలో ఏసీ గురించి తెలిసేదేమీ లేదు. ఎందుకంటే ఏసీ బాగైందో లేదో ఇంటాయనకే ఇంకా తెలియదు. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. రాగి గొట్టాల జాయింటు దగ్గర లీకును పట్టుకుని బిగించకుండా గ్యాస్ మాత్రం నింపి వెళ్ళినా, ఆ పూట గది మంచులా చల్లబడుతుంది. తేడా బయటపడేది వారానికో పది రోజులకో. ఈలోగా రివ్యూ గూగుల్‌లో కూర్చుంటుంది. అది చూసి పక్క వీధివాళ్ళు అదే షాపుకి ఫోన్ చేస్తారు. కుర్రాడు అబద్ధం చెప్పలేదు, ఇంటాయనా చెప్పలేదు. అయినా అబద్ధం తయారైంది.

గుమ్మం దగ్గర కాదనలేకపోవడానికి కారణం మొహమాటం. ఎండలో వచ్చి, బయట గోడ మీది యూనిట్ దగ్గర వేలాడుతూ పనిచేసిన పిల్లాడు ఎదురుగా నిలబడి అడుగుతుంటే మూడు స్టార్లు నొక్కే చెయ్యి మనలో ఎంతమందికి ఉంది? అందుకే మనిషి ముందు నిలబడి అడిగిన రివ్యూని నేను సగమే నమ్ముతాను.

ఒక షాపు అనుకుందాం

విజయవాడలో ఒక చిన్న ఏసీ సర్వీసు షాపు ఉందనుకుందాం. ఇద్దరు మెకానిక్కులు, ఓనరు, ఫోన్లూ బిల్లులూ చూసుకునే ఆయన భార్య. మే నెలలో 120 ఇళ్ళకి వెళ్ళారు. పని నిజంగానే బాగా చేస్తారు. కానీ గూగుల్‌లో వాళ్ళకున్నవి నలభై రివ్యూలే. ఎదురు షాపుకి మూడొందలు. ఓనరుకి సహజంగా వచ్చే ఆలోచన ఇది: “బాగా మెచ్చుకున్నవాళ్ళు ఒక ముప్ఫైమంది ఉంటారు కదా, వాళ్ళకి మాత్రం లింకు పంపుదాం.”

ఇందులో తప్పేముందనిపిస్తుంది. మెచ్చుకున్నది నిజమే, రాసేదీ నిజమే. అయినా గూగుల్ నియమాల ప్రకారం ఇది కుదరదు. మంచి రివ్యూ ఇస్తారనుకున్నవాళ్ళని ఏరి అడగడాన్ని, నచ్చనివాళ్ళని రాయకుండా ఆపడాన్ని గూగుల్ 2018 నుంచి స్పష్టంగా నిషేధించింది. కారణం కూడా సబబైనదే. రివ్యూలు చదివేవాళ్ళు ‘ఈ షాపుకి వెళ్ళినవాళ్ళు ఏమంటున్నారు’ అని చదువుతారు. మనం చూపిస్తున్నది ‘వెళ్ళినవాళ్ళలో మేం ఏరినవాళ్ళు ఏమంటున్నారు’ అన్నది. ఒక్కొక్క మాటా నిజమే అయినా మొత్తం మీద చూపించిన బొమ్మ అబద్ధం.

కాబట్టి సంతోషించినవాళ్ళ చేత రాయించుకునే నిజాయితీ మార్గం కాస్త విచిత్రంగా ఉంటుంది. వాళ్ళ కోసం వెతకకూడదు. అందరినీ అడగాలి. 120 మందినీ ఒకే మాటలతో, ఒక్కసారి, ఒకే లింకు పంపి అడగాలి. పని బాగున్నప్పుడు సంతోషించినవాళ్ళే ఎక్కువమంది కనక, రాసేవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ ఉంటారు. పని బాగా లేకపోతే ఆ సంగతి ఓనరుకి ముందు తెలియడం మంచిది.

మరి కస్టమరే ఫోన్ చేసి “మీ కుర్రాడు ఎంత శుభ్రంగా చేశాడండీ, నేల మీద చుక్క నీళ్ళు కూడా పడలేదు” అంటే, ‘ఈ మాటే గూగుల్‌లో రాస్తారా’ అని అడగకూడదా? ఆ 120 మందికీ ఎలాగూ లింకు వెళుతున్నప్పుడు, ఆ కస్టమరుతో “మీకు లింకు పంపాం కదండీ, వీలైతే రాయండి” అనడంలో నాకు దోషం కనిపించదు. అందరినీ అడిగే పద్ధతి వెనకాల ఉండాలి, అంతే. అది లేకుండా మెచ్చుకున్నవాళ్ళనే పట్టుకుంటే మళ్ళీ ఏరడమే అవుతుంది.

వారం ఆగి, ఒక్కసారి

ఆ షాపు చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. గూగుల్‌లో షాపు ప్రొఫైలు తెరిస్తే Ask for reviews అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే నేరుగా రివ్యూ రాసే చోటికి తీసుకెళ్ళే చిన్న లింకు, ఒక క్యూఆర్ కోడు వస్తాయి. డబ్బు ఖర్చు లేదు. ఎవరికో నెలనెలా చందా కట్టి కొనే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

మెకానిక్ పని ముగించి బిల్లు ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడుగుతాడు: “వారం తర్వాత ఏసీ ఎలా ఉందో కనుక్కుంటూ ఆఫీసు నుంచి మెసేజ్ పెట్టమంటారా?” సరే అంటే జాబ్ కార్డు మీద టిక్కు పెడతాడు, వద్దంటే వద్దని రాస్తాడు. ఫోన్ నంబరు ఇచ్చింది బిల్లు కోసం, ఇంటి అడ్రసు చెప్పడం కోసం. దాన్ని ఇంకో పనికి వాడేముందు అడగడం కనీస మర్యాద. రివ్యూ అన్న మాట గుమ్మం దగ్గర మెకానిక్ నోట రానే రాకూడదు.

ఎనిమిదో రోజున ఓనరు భార్య వాట్సాప్‌లో పంపే మెసేజ్ ఇలా ఉండొచ్చు:

“నమస్తే అండి. మే 6న మీ ఇంట్లో ఏసీ సర్వీసు చేసి గ్యాస్ నింపాం. ఇప్పుడు చల్లదనం సరిగ్గా ఉందా? ఏమైనా తేడా ఉంటే ఈ నంబరుకే చెప్పండి, వచ్చి చూస్తాం. మా పని గురించి, బాగున్నా బాగా లేకపోయినా, గూగుల్‌లో రాయాలనిపిస్తే లింకు కింద ఇచ్చాం. రాయకపోయినా ఫరవాలేదు. దీని గురించి మళ్ళీ అడగం.”

ఈ మెసేజ్‌లో కొన్ని మాటలు లేవని గమనించండి. ‘ఐదు’ అన్న మాట లేదు. ‘సపోర్ట్ చేయండి’ లేదు. ‘మా చిన్న వ్యాపారాన్ని నిలబెట్టండి’ అన్న దీనాలాపన లేదు. మొదట అడిగింది ఏసీ గురించి, తరవాతే రివ్యూ గురించి. ‘బాగున్నా బాగా లేకపోయినా’ అన్న మాట మొహమాటానికి రాసింది కాదు, అదే ఈ మెసేజ్‌కి ప్రాణం. ‘మళ్ళీ అడగం’ అన్నాక మళ్ళీ అడగకూడదు. చాలామంది వ్యాపారులు దెబ్బతినేది ఇక్కడే. మూడు రోజులకో రిమైండరు పంపుతారు. మూడోదానికి విసుగొచ్చిన కస్టమరు ఒక్క స్టారు ఇచ్చి ‘మెసేజ్‌లతో ప్రాణం తీస్తున్నారు’ అని రాస్తాడు. తప్పు అతనిది కాదు.

వ్యవధి పనిని బట్టి మారుతుంది. బ్లౌజు కుట్టే బొటిక్ అయితే కౌంటరు దగ్గర అడగడం దండగ. కస్టమరు పెళ్ళికి వేసుకుని, చంక దగ్గర పట్టిందో లేదో చూసుకున్నాక అడగాలి. కేటరింగ్ అయితే మర్నాడే అడగొచ్చు, వారం పోతే పులిహోర రుచి ఎవరికీ గుర్తుండదు. వడ్రంగి పనికి, ఇంటీరియర్‌కి నెల రోజులైనా ఆగాలి. అప్పటికి కబోర్డు తలుపు బిగుసుకుంటుందో వదులవుతుందో తెలుస్తుంది.

ఏం రాయాలో తెలియట్లేదంటారు కొందరు. అలాంటివాళ్ళకి రెండు మూడు ప్రశ్నలు ఇవ్వొచ్చు: ఏ పని చేయించారు, చెప్పిన టైముకి వచ్చారా, చెప్పిన రేటే తీసుకున్నారా. ఈ ప్రశ్నలకి మంచి జవాబూ రాయొచ్చు, చెడ్డ జవాబూ రాయొచ్చు. అలా కాకుండా ‘ఇది కాపీ చేసి పేస్ట్ చేయండి చాలు’ అని తయారు చేసిన వాక్యం పంపితే, ఆ మాటలు షాపువి అవుతాయి, పేరు మాత్రం కస్టమరుది. తెలుగులో రాయొచ్చని, టైపు చేయడం రాకపోతే కీబోర్డు మీద మైకు నొక్కి మాట్లాడొచ్చని చెప్పండి. పెద్దవాళ్ళకి ఆ ఒక్క సాయం చాలు. రివ్యూ పక్కన రాసినవాళ్ళు ప్రొఫైలులో పెట్టుకున్న పేరు అందరికీ కనిపిస్తుంది. అది ఇష్టం లేక రాయనివాళ్ళూ ఉంటారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. వాళ్ళని బతిమాలకూడదు.

‘ముందు మాకు చెప్పండి’ అనే వల

ఈమధ్య షాపులకి తిరిగే డిజిటల్ మార్కెటింగ్ కుర్రాళ్ళు ఒక ఫారం అమ్ముతున్నారు. కస్టమరుకి లింకు వెళుతుంది. తెరవగానే ‘మా సేవ ఎలా ఉంది?’ అని ఐదు స్టార్లు కనిపిస్తాయి. నాలుగో ఐదో నొక్కితే నేరుగా గూగుల్‌కి తీసుకెళుతుంది. మూడో, అంతకన్నా తక్కువో నొక్కితే ‘క్షమించండి, ఏం జరిగిందో మాకు చెప్పండి’ అని ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో రాసింది ఓనరు ఈమెయిలుకి పోతుంది, బయటివాళ్ళకి కనపడదు. చూడ్డానికి కస్టమరు మీద శ్రద్ధలాగా ఉంటుంది. నిజానికి ఇది జల్లెడ. మనం ఇందాక చెప్పుకున్న నిషేధం పుట్టింది ముఖ్యంగా ఈ ఫారాల వల్లే.

పైన చెప్పిన మెసేజ్‌లో కూడా ‘తేడా ఉంటే మాకు చెప్పండి’ అని ఉంది కదా, మరి దీనికీ దానికీ తేడా ఏమిటి? ఆ మెసేజ్‌లో రెండు తలుపులూ అందరికీ తెరిచే ఉన్నాయి. కోపంగా ఉన్నవాడూ గూగుల్ లింకు నొక్కొచ్చు, సంతోషంగా ఉన్నవాడూ ఓనరుకి ఫోన్ చేయొచ్చు. ఫారంలో ఏ తలుపు ఎవరికి తెరవాలో షాపే నిర్ణయిస్తోంది. ఎవరైనా ఇలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వస్తే ‘ఒక్క స్టారు నొక్కినవాడికి కూడా గూగుల్ లింకు కనపడుతుందా’ అని ఒక్క ప్రశ్న అడగండి. నీళ్ళు నమిలితే పంపించేయండి.

ఒక్క స్టారుకి కొంప మునగదు

అందరినీ అడగమంటే ఓనర్లు భయపడేది ఒక్క స్టారు గురించే. లెక్క చూద్దాం. మన షాపుకి నలభై రివ్యూలు, సగటు 4.6. అంటే మొత్తం 184 స్టార్లు. కొత్తగా ఒక్క స్టారు రివ్యూ ఒకటి పడింది. ఇప్పుడు 41 రివ్యూలు, 185 స్టార్లు, సగటు 4.5. ఆ తరవాత ఐదు స్టార్ల రివ్యూలు నాలుగు వస్తే, మామూలు సగటు లెక్కలో మళ్ళీ 4.6కి చేరుతుంది. 120 మందిని అడిగిన షాపుకి నాలుగు మంచి రివ్యూలు రావడం గగనమేమీ కాదు. పది రివ్యూలే ఉన్న షాపుకి దెబ్బ ఇంకొంచెం గట్టిగా తగులుతుంది. అందుకే రివ్యూలు ఎక్కువ ఉండాలి అంటాను. ఎక్కువ రావాలంటే ఎక్కువమందిని అడగాలి.

ఒక్క స్టారుకి జవాబు రాసేటప్పుడు చేయి అదుపులో ఉండాలి. ‘మీరే బిల్లు కట్టకుండా మూడుసార్లు తిప్పించుకున్నారు, ఫలానా అపార్టుమెంటు ఫలానా ఫ్లాటు’ అని రాసినవాళ్ళున్నారు. కస్టమరు సంగతులు వీధిలో పెట్టే షాపుకి కొత్తవాళ్ళు ఎవరూ ఫోన్ చేయరు. ‘నీళ్ళు కారుతున్నాయన్నారు, రేపు మెకానిక్‌ని పంపుతున్నాం’ అని రాసి, నిజంగానే పంపాలి. పని చెడిందని తేలితే డబ్బు వెనక్కివ్వాలి. అంతేగానీ ‘రివ్యూ తీసేస్తే రీఫండ్ ఇస్తాం’ అనకూడదు. రాసింది మార్చడానికి, తీసేయడానికి డబ్బో తగ్గింపో ఎర చూపడం కూడా గూగుల్ దృష్టిలో లంచమే. సమస్య తీరాక కస్టమరే తనంతట తాను మూడు స్టార్లకి మార్చాడంటే, ఆ మూడు స్టార్లు అడిగి తెచ్చుకున్న పది ఐదుల కన్నా ఎక్కువ పనిచేస్తాయి.

జీతానికి ముడిపెడితే

హోటల్లో బిల్లుతోపాటు ఒక కార్డు వస్తుంది: ‘గూగుల్‌లో ఐదు స్టార్లు ఇచ్చి చూపిస్తే డెజర్ట్ ఫ్రీ.’ దాన్ని మనం సరదాగా తీసుకుంటాం. రివ్యూకి ప్రతిఫలంగా డబ్బు, తగ్గింపు, ఉచిత వస్తువు ఏది ఇచ్చినా గూగుల్ నియమాలకి విరుద్ధమే. ఐదు అనకుండా ‘ఏదైనా రాయండి, పది శాతం తగ్గింపు’ అన్నా ఒప్పదు. ఐస్‌క్రీమ్ తింటూ ఎవరూ రెండు స్టార్లు ఇవ్వరు కదా.

దీనికన్నా లోతైన జబ్బు కుర్రాడి జీతంలో ఉంది. ఐదు స్టార్ల రివ్యూకి యాభై రూపాయలు, నాలుగు వస్తే సున్నా అని ఓనరు పెట్టిన రోజునే గుమ్మం దగ్గరి సీను మొదలవుతుంది. ఓనరు పెట్టిన ఒత్తిడి మెకానిక్ మీదుగా కస్టమరు దాకా పాకుతుంది. కుర్రాడిని తిట్టి ప్రయోజనం లేదు. ప్రోత్సాహకం ఇవ్వాలనుకుంటే ఇంకోదానికి ఇవ్వొచ్చు. చేసిన పని మీద ముప్ఫై రోజుల్లో అదే ఇంటి నుంచి అదే ఫిర్యాదు రాకపోతే బోనస్ అనండి. అప్పుడు మెకానిక్ దృష్టి కస్టమరు ఫోను మీద ఉండదు, లీకయ్యే జాయింటు మీద ఉంటుంది. లెక్క కూడా జాబ్ కార్డుల్లోనే దొరుకుతుంది, గూగుల్‌తో పని లేదు.

కొన్న రివ్యూ ఎక్కడి నుంచి వస్తుంది

‘వంద రివ్యూలు, ఇంత రేటు’ అని అమ్మేవాళ్ళు ఉన్నారు. ఆ రివ్యూలు రాసేదెవరో తెలుసుకుంటే కొనాలనిపించదు. ‘ఇంట్లో కూర్చుని గూగుల్‌లో హోటళ్ళకి రేటింగ్ ఇవ్వండి, డబ్బు సంపాదించండి’ అని వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో మీకూ మెసేజ్ వచ్చే ఉంటుంది. మొదట్లో రివ్యూకి వంద, రెండొందలు నిజంగానే ఇస్తారు. నమ్మకం కుదిరాక ‘ముందు డబ్బు కడితే పెద్ద టాస్కు’ అంటారు. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు ఛేదించిన 712 కోట్ల రూపాయల మోసం మొదలైంది ఇలాంటి రేటింగ్, రివ్యూల పార్ట్‌టైమ్ ఉద్యోగాల ఎరతోనే. దొంగ రివ్యూల బజారుకీ ఆ మోసాల బజారుకీ మధ్య గోడ చాలా పల్చన.

కొన్నవి దొరికిపోవడమూ మామూలే. ఏడాదంతా నెలకి రెండు వచ్చే షాపుకి ఒక్క రాత్రిలో నలభై పడతాయి. రాసినవాళ్ళ ప్రొఫైలు నొక్కి చూస్తే ఒకే వారంలో జైపూర్‌లో దంతవైద్యుడికి, సూరత్‌లో చీరల కొట్టుకి, మన విజయవాడ ఏసీ షాపుకి అవే మాటలు. గూగుల్ పట్టుకుంటే ఆ రివ్యూలు తీసేయడంతో ఆగదు. కొన్నాళ్ళపాటు కొత్త రివ్యూలు రాకుండా ఆపొచ్చు, నకిలీ రివ్యూలు తొలగించామని షాపు ప్రొఫైలు మీదే హెచ్చరిక పెట్టొచ్చు. ఒక్క స్టారు రివ్యూలు పది పడినా ఇంత పరువు పోదు.

చట్టం కూడా నిద్రపోవడం లేదు. అమ్మకందారు తనే వినియోగదారుడిలా నటించి రివ్యూ రాయకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూలకి ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. కొన్న రివ్యూలు, రాయడానికే మనుషుల్ని పెట్టుకుని రాయించిన రివ్యూలు ప్రచురించకూడదంటుంది. కాకపోతే అది ఐచ్ఛికం, పాటించమని ఎవరినీ బలవంతపెట్టదు. అమెరికాలో వ్యాపారం చేసుకుంటున్న మనవాళ్ళకి పరిస్థితి వేరు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 2024 అక్టోబరు 21 నుంచి అమల్లో ఉంది. దొంగ రివ్యూ రాయించినా, మంచిగా రాయాలన్న షరతుతో ఏమైనా ఇచ్చినా ఒక్కో ఉల్లంఘనకి యాభై వేల డాలర్ల పైన జరిమానా పడొచ్చు. అక్కడ బాగా నడిచే రివ్యూల సైటు యెల్ప్ అయితే రివ్యూలు అడగనే వద్దంటుంది.

ఇక్కడ కూడా అందరూ అడగడానికి లేదు. లాయర్లు ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. డాక్టర్లు పేషెంట్ల కోసం ప్రచారం చేసుకోవడం అనైతికమని 2002 నాటి వైద్య మండలి నియమావళి. ఈ రెండు వృత్తుల్లో ఉన్నవాళ్ళు లింకులు పంపే ముందు తమ నియమాలు చదువుకోవాలి. నన్నడిగితే పంపకపోవడమే క్షేమం.

ఇక ఇప్పుడే షాపు తెరిచి, ఒక్క రివ్యూ కూడా లేక దిగులు పడుతున్నవాళ్ళకి ఒక మాట. సొంతంగా షాపు పెట్టకముందు మీరే చేతులతో పనిచేసిన ఇళ్ళున్నాయంటే అది వేరే షాపు పేరు మీద జరిగిన పని, దాన్ని కలపకండి. ఈ షాపు బిల్లు పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి. ఈ షాపుకే ఇంతకుముందు వచ్చిన కస్టమర్లని అడగడం తప్పు కాదు, వాళ్ళ అనుభవం నిజమైనదే. పేజీలు దాటెయ్యకుండా, గొడవపడిన ఆయన్ని కూడా వదలకుండా, వరసగా రోజుకి ఐదారుగురికి పంపండి. కానీ దానికన్నా ముందు, షాపు ప్రారంభం రోజున మీ బావమరిది, తోడల్లుడు, ఇద్దరు మేనకోడళ్ళు కలిసి రాసిన ఆ నాలుగు ఫైవ్ స్టార్లు తీసెయ్యమని వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి.